రాముడి జాతకంలో మూడు మహాపురుష యోగాలు... మరి వనవాసం ఎందుకొచ్చింది?

ఈ వారం వీడియోలో పంచ మహాపురుష యోగాల గురించి చెప్పుకున్నాం కదా. టైం సరిపోక అక్కడ వదిలేసిన అసలు విషయం ఇక్కడ రాస్తున్నాను.

ఈ టాపిక్ తీసుకోవడానికి కారణం మా పిన్ని కొడుకు. పోయిన నెల రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అక్కా, యాప్‌లో నాకు శశ మహాపురుష యోగం ఉందని వచ్చింది. అధికారం, పేరు, పదిమంది మీద పెత్తనం అని రాశాడు. నాకేమో ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. పదిహేను వేలు కడితే యోగం యాక్టివేట్ చేసే పూజ చేస్తామంటున్నారు ఒకళ్ళు. కట్టనా?" అన్నాడు.

"నీ జాతకం పక్కన పెట్టు, ముందు రాముడి జాతకం చూద్దాం" అన్నాను. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు రూల్ ఏంటో చూద్దాం

కుజుడు, బుధుడు, గురువు, శుక్రుడు, శని. ఈ ఐదుగురిలో ఒకరు తన సొంత రాశిలోనో ఉచ్చ రాశిలోనో ఉండాలి. ఆ రాశి లగ్నం నుంచి 1, 4, 7, 10 స్థానాల్లో ఒకటి కావాలి. ఈ నాలుగింటినే కేంద్రాలు అంటాం. రెండు షరతులూ కలిస్తేనే యోగం.

కుజుడు మేషం, వృశ్చికం, మకరాల్లో ఉంటే రుచకం. బుధుడు మిథునం, కన్యల్లో ఉంటే భద్రం. గురువు ధనుస్సు, మీనం, కర్కాటకాల్లో ఉంటే హంస. శుక్రుడు వృషభం, తుల, మీనాల్లో ఉంటే మాలవ్యం. శని మకరం, కుంభం, తులల్లో ఉంటే శశం. సూర్యచంద్రులకు ఈ లిస్టులో చోటు లేదు.

చంద్రుడి నుంచి కేంద్రంలో ఉన్నా యోగమే అని చెప్పే సంప్రదాయం కూడా ఉంది. చాలా యాప్‌లు ఏ లెక్కతో చూశాయో చెప్పకుండా యోగం పేరు మాత్రం చూపిస్తాయి. అందుకే లగ్నం నుంచి లెక్కపెట్టి మీరే ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు రాముడి జాతకం

వాల్మీకి బాలకాండలో రామజననం చెప్పేటప్పుడు ఇచ్చిన వివరాలు ఇవి: చైత్ర మాసం, నవమి, పునర్వసు నక్షత్రం, కర్కాటక లగ్నం, లగ్నంలో చంద్రుడితో కలిసి గురువు, ఐదు గ్రహాలు ఉచ్చలో. ఆ ఐదూ రవి, కుజుడు, గురువు, శుక్రుడు, శని అని వ్యాఖ్యాతలు వివరించారు.

కాగితం మీద పన్నెండు గళ్ళ చక్రం గీసుకోండి. కర్కాటకంలో లగ్నం, గురువు, చంద్రుడు. తులలో శని. మకరంలో కుజుడు. మీనంలో శుక్రుడు. మేషంలో రవి. ఇక ఒక్కొక్కరినీ చూద్దాం.

గురువు ఉచ్చలో, లగ్నంలోనే ఉన్నాడు. హంస యోగం. శని ఉచ్చలో, నాలుగింట ఉన్నాడు. శశ యోగం. కుజుడు ఉచ్చలో, ఏడింట ఉన్నాడు. రుచక యోగం. మూడు వచ్చాయి.

శుక్రుడు కూడా ఉచ్చలోనే ఉన్నాడు కదా, మాలవ్యం ఎందుకు రాలేదు? మీనం కర్కాటకానికి తొమ్మిదో రాశి. అది కోణం, కేంద్రం కాదు. చంద్రుడు లగ్నంలోనే ఉన్నాడు కాబట్టి చంద్రుడి నుంచి చూసినా తొమ్మిదే. ఎంత బలమున్నా శుక్రుడికి ఇక్కడ మహాపురుష యోగం లేదు. అంతమాత్రాన శుక్రుడు పాడైనట్టు కాదు. భాగ్యస్థానంలో ఉచ్చ శుక్రుడు ఉండటం మంచి విషయమే, దాని పేరు మాత్రం మాలవ్యం కాదు.

బుధుడి సంగతి ఇంకా బావుంటుంది. శ్లోకాల్లో బుధుడి స్థానం ప్రత్యేకంగా చెప్పలేదు. అయినా భద్ర యోగం లేదని మనం గట్టిగా చెప్పొచ్చు. బుధుడు సూర్యుడి నుంచి 28 డిగ్రీలకు మించి దూరం పోడు. సూర్యుడు మేషంలో ఉంటే బుధుడు మీనంలోనో, మేషంలోనో, వృషభంలోనో ఉండాల్సిందే. మిథునం, కన్య అందవు. పైగా ఆ రెండూ ద్విస్వభావ రాశులు. కర్కాటకం లాంటి చర లగ్నానికి అవి ఎప్పటికీ కేంద్రాలు కావు. అంటే లగ్నం నుంచి భద్ర యోగం మిథునం, కన్య, ధనుస్సు, మీన లగ్నాలవాళ్ళకు మాత్రమే వస్తుంది. మీది మేష లగ్నమై యాప్ భద్ర యోగం అని చూపిస్తే, అది చంద్రుడి నుంచి లెక్కపెట్టిందని అర్థం చేసుకోండి.

మూడు యోగాలున్నా కష్టాలు ఎందుకు?

మా తమ్ముడు అడిగింది సరిగ్గా ఇదే. రాముడి చక్రంలోనే జవాబు ఉంది.

ఏడో ఇల్లు భార్యది. అక్కడ ఉచ్చ కుజుడు ఉంటే రుచక యోగం. అదే కుజుడు ఏడింట ఉంటే మనం భయపడే కుజదోషం కూడా. గ్రహం ఒకటే, ఇల్లు ఒకటే, రెండు పేర్లూ దానికే. రావణుడి మీదికి కోదండం ఎత్తిన వీరుడూ ఆ కుజుడే, సీతమ్మకు దూరమైన భర్త బాధా ఆ కుజుడే.

నాలుగో ఇల్లు సుఖం, గృహం, తల్లి. అక్కడ ఉచ్చ శని. ఇల్లు వదిలి, కౌసల్యమ్మను వదిలి, నార చీరలు కట్టి నేల మీద పడుకున్నాడు స్వామి. ఆ శనే తులలో నుంచి ఎదురుగా మేషంలో ఉన్న రవిని చూస్తున్నాడు. రవి అంటే తండ్రి. కొడుకు మీద బెంగతో దశరథుడు ప్రాణం వదలడం మీకు తెలిసిందే. అయితే మాట తప్పకుండా పద్నాలుగేళ్ళు నిలబడిన ఓర్పు కూడా ఆ శనిదే.

శని తన పదో చూపుతో, కుజుడు ఏడో చూపుతో ఇద్దరూ లగ్నాన్నే చూస్తున్నారు. లగ్నంలో ఉచ్చ గురువు కూర్చుని ఆ ఒత్తిడి మొత్తం మోస్తున్నాడు. నాకు అర్థమైనంతవరకు మహాపురుష యోగం చెప్పేది మనిషి ఎలాంటివాడు అనే సంగతి. కష్టం వచ్చినప్పుడు ఏ గుణంతో నిలబడతాడో అది చెబుతుంది. కష్టం రాదని ఎక్కడా హామీ ఇవ్వదు.

దశ చూడకుండా యోగం చదవొద్దు

యోగం ఇచ్చే గ్రహం తన ఫలితాన్ని ముఖ్యంగా తన దశలో, అంతర్దశలో చూపిస్తుంది. వింశోత్తరిలో గురువుకు 16 ఏళ్ళు, శనికి 19, బుధుడికి 17, శుక్రుడికి 20, కుజుడికి 7.

పునర్వసులో కర్కాటకంలోకి వచ్చేది నాలుగో పాదం ఒక్కటే. ఆ పాదంలో పుడితే గురు దశ గరిష్ఠంగా నాలుగేళ్ళు మిగులుతుంది. తర్వాత శని దశ 19. అంటే 23 ఏళ్ళు నిండేలోపు బుధ దశ వచ్చేస్తుంది. వనవాసానికి బయల్దేరేనాటికి రాముడికి 25 ఏళ్ళని సీతమ్మ అరణ్యకాండలో రావణుడితో చెబుతుంది. కర్కాటక లగ్నానికి బుధుడు 3, 12 స్థానాల అధిపతి. పన్నెండు అంటే వ్యయం, ఉన్నచోటు వదిలి దూరంగా వెళ్ళడం. జాతకంలో మహాపురుష యోగం లేని గ్రహం దశలో అడవికి వెళ్ళాడన్నమాట. వింశోత్తరి కలియుగానికి చెప్పిన దశ కాబట్టి దీన్ని పాఠంగానే చూడండి, అవతార పురుషుడి మీద తీర్పుగా కాదు.

ఇక మా తమ్ముడి చక్రం

వాడు 1992 ఏప్రిల్ చివర్లో విజయవాడలో పుట్టాడు. కాగితంలో ఉదయం 6:30 అని ఉంది. మేష లగ్నం, మకరంలో శని, అంటే పదో ఇల్లు, స్వక్షేత్రం. లెక్క ప్రకారం శశ యోగమే, యాప్ తప్పు చెప్పలేదు.

కానీ రెండు సంగతులు చూడాలి. మొదటిది, 1991 మొదటి నుంచి 1994 చివరి దాకా శని మకర, కుంభాల్లోనే తిరిగాడు. లగ్నం రోజులో పన్నెండు రాశులూ తిరుగుతుంది, అందులో నాలుగు లగ్నాలకు శని కేంద్రంలో పడతాడు. అంటే ఆ నాలుగేళ్ళలో పుట్టినవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి శశ యోగం ఉన్నట్టే. వాడి ఆఫీసులో, వాడిని తీసేసిన మేనేజర్‌తో సహా, ఎంతమందికి ఉందో మరి!

రెండోది, వాడి లగ్నం మేషంలో 27వ డిగ్రీ దగ్గరుంది. మరో పావుగంట గడిస్తే వృషభం వచ్చేస్తుంది. అప్పుడు మకరం తొమ్మిదో ఇల్లు, శశ యోగం పోతుంది. పిన్నిని అడిగితే "బిడ్డని తుడిచి తెచ్చాక నర్సు గోడ గడియారం చూసి చెప్పింది" అంది. అంటే ఆ 6:30 పుట్టిన నిమిషమో, నర్సు గడియారం చూసిన నిమిషమో తెలీదు. మీ లగ్నం కూడా రాశి మొదటి మూడు డిగ్రీల్లోనో, చివరి మూడు డిగ్రీల్లోనో ఉంటే యోగం పేరు నమ్మే ముందు పుట్టిన టైం కనుక్కోండి. విదేశీ యాప్ వాడితే అది సాయన పద్ధతేమో కూడా చూడండి. మన నిరయన లెక్కకు దానికి సుమారు 24 డిగ్రీల తేడా ఉంటుంది, చాలా గ్రహాలు రాశే మారిపోతాయి.

సరే, యోగం ఉందనే అనుకుందాం. వాడిది పూర్వాభాద్ర నక్షత్రం. గురు దశ పోగా పదకొండో ఏట శని దశ మొదలై ముప్పయ్యో ఏట ముగిసింది. "ఆ 19 ఏళ్ళలో నువ్వేం చేశావురా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. బాబాయి షాపు మూతపడ్డాక ఇంటర్ నుంచే ట్యూషన్లు చెప్పాడు. అప్పు మొత్తం తనే తీర్చాడు. చెల్లి పెళ్ళి చేశాడు. "అది కష్టం కదక్కా, యోగం ఎలా అవుతుంది?" అన్నాడు. పదింట శని ఇచ్చేది అదే నాన్నా. బాధ్యత భుజం మీద పెట్టి, మోసే బలం ఇస్తాడు.

ఇప్పుడు నడిచేది బుధ దశ. వాడి బుధుడు మీనంలో, పన్నెండింట, నీచలో ఉన్నాడు. ఉద్యోగం గురించి చూడాల్సింది అక్కడ. ఎప్పుడో అయిపోయిన శని దశ యోగాన్ని యాక్టివేట్ చేయడానికి పదిహేను వేలు ఎందుకు? గ్రహశాంతి చేయించుకోవడం తప్పని నేను అనను. కానీ జన్మచక్రంలో ఉన్న యోగాన్ని ఎవరూ కొత్తగా ఆన్ చేయలేరు, లేనిదాన్ని తెచ్చిపెట్టలేరు.

డబ్బు కట్టలేదు. ఇంటి అద్దెకి ఉంచుకున్నాడు. బుధవారం విష్ణు సహస్రనామం చదువుతున్నాడు, రోజూ రెండు చోట్లకి అప్లై చేస్తున్నాడు. ఉద్యోగం ఇంకా రాలేదు. వచ్చాక చెబుతాను.

మీ చక్రం తీసుకుని లగ్నం డిగ్రీ, గ్రహం ఉన్న రాశి, కేంద్రమా కాదా, ఇప్పుడు ఏ దశ నడుస్తోంది, ఈ నాలుగూ వరసగా రాసుకోండి. వచ్చే వారం కేంద్రంలో ఉన్నా అస్తంగత్వం పొందిన గ్రహం గురించి మాట్లాడుకుందాం.

జై శ్రీరామ్.