కంపెనీ ముసుగును కోర్టు ఎప్పుడు తొలగిస్తుంది?

లా, కంపెనీ సెక్రటరీ పరీక్షల్లో ‘కార్పొరేట్ వీల్’ మీద సమస్య ఇస్తే చాలామంది 1897 నాటి సాలమన్ తీర్పుతో మొదలుపెట్టి, ఆ వెంటనే ‘మోసం ఉంటే ముసుగు తీస్తారు’ అని ముగిస్తారు. మార్కులు పోయేది అక్కడే. ఏ మోసం, ఎవరి హక్కు తప్పించడానికి అన్నది రాయాలి. అందుకు ఒక కేసును లోతుగా చదవడం పది పేర్లు బట్టీ పట్టడం కంటే మేలు.

భావ్‌నగర్‌లోని అసోసియేటెడ్ రబ్బర్ ఇండస్ట్రీ కంపెనీ రూ.4.5 లక్షలు పెట్టి ఇనార్కో అనే మరో కంపెనీ వాటాలు కొంది. వాటి మీద వచ్చే డివిడెండ్ ఏటా లాభాల్లో కలిసేది, కార్మికుల బోనస్ లెక్కకూ వచ్చేది. 1968లో యాజమాన్యం పూర్తిగా తన చేతిలోనే ఉండే ఒక అనుబంధ కంపెనీని పెట్టి, ఆ వాటాలను దానికి బదిలీ చేసింది. డివిడెండ్ అటు వెళ్లింది. 1969 బోనస్ 16 శాతం నుంచి 4 శాతానికి పడిపోయింది. కాగితాల మీద తప్పేమీ లేదు. రెండూ వేర్వేరు కంపెనీలే.

1985లో సుప్రీంకోర్టు తరఫున తీర్పు రాసిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి (మన తెలుగువారే) ఆ కాగితాల వెనక్కి చూశారు. కొత్త కంపెనీకి ఆ వాటాలు తప్ప వేరే ఆస్తి లేదు, వ్యాపారం లేదు, డివిడెండ్ తప్ప ఆదాయం లేదు. బోనస్ తగ్గించడం తప్ప అది పుట్టడానికి మరో కారణం కనిపించలేదు. సమస్యలో మీరు వెతకాల్సిన ఆనవాళ్లు ఇవే. కొత్త కంపెనీకి సొంత వ్యాపారం ఉందా? బదిలీకి ముందు ఎవరికి ఏ బాధ్యత ఉండేది, తర్వాత అది ఏమైంది?

మరోవైపు, యాజమాన్యం మొత్తం ఒకరి చేతిలో ఉండటమే ముసుగు తీయడానికి చాలదు. అదే ఏడాది ఎస్కార్ట్స్ కేసులో ప్రవాస భారతీయులకు చెందిన 13 కంపెనీల పెట్టుబడి వివాదం మళ్లీ చిన్నపరెడ్డిగారి ముందుకే వచ్చింది. ఆ కంపెనీల్లో ప్రవాసుల వాటా 60 శాతం ఉందో లేదో చూసేంత వరకే తెర తొలగించవచ్చని, అన్నింటినీ ఒకే పెట్టుబడిదారుగా కలిపి చూడనక్కర్లేదని తేల్చారు. ప్రవాసుల పెట్టుబడులకు వర్తించే పథకం కోరింది అంతవరకే. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి రాసిన జవాబుకు, నా దృష్టిలో, బరువు ఎక్కువ.

చివర్లో పరిహారం రాయడం మరిచిపోవద్దు. ముసుగు తీయడమంటే కంపెనీని రద్దు చేయడం కాదు. రబ్బర్ కేసులో అనుబంధ కంపెనీ ఉనికికి ఏమీ కాలేదు. దానికి వెళ్లిన డివిడెండ్‌ను మాత్రం బోనస్ లెక్కకోసం అసలు కంపెనీ లాభంలో కలపాలని కోర్టు చెప్పింది.