ఊరు నిజంగా చల్లబడిందా?

మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలితో వాన కురిసి ఊరంతా చల్లబడిందనుకోండి. "భూమి వేడెక్కుతోందంటారే, మరి ఇదేమిటి?" అనే సందేహం మీకు రావచ్చు. రెండు వేర్వేరు విషయాలను ఒకటే అనుకోవడం వల్ల వచ్చే సందేహమిది.

ఒకచోట, ఒక సమయంలో ఉన్న వేడి, గాలి, తేమ, వానల పరిస్థితిని వాతావరణ స్థితి అంటారు. ఇది గంటగంటకూ మారవచ్చు. ఈ వివరాలను ఏళ్ల తరబడి నమోదుచేసి చూస్తే ఆ ప్రాంతంలో మామూలుగా ఎలా ఉంటుందో తెలుస్తుంది. అదే శీతోష్ణస్థితి. ఇందుకు శాస్త్రజ్ఞులు సాధారణంగా 30 ఏళ్ల సగటును తీసుకుంటారు.

గాలి వేడిని ఎండలో కొలవరు. గాలి ఆడేలా పక్కలకు సందులున్న ఒక తెల్లని పెట్టెలో, నేలకు సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉష్ణమాపకాలను ఉంచుతారు. పగటి గరిష్ఠాన్ని, రాత్రి కనిష్ఠాన్ని రోజూ రాసుకుంటారు.

ఇంతటితో పని అయిపోలేదు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఊళ్లో మే నెల సగటు ఉష్ణోగ్రత చాలా ఏళ్లు 34.0 డిగ్రీల దగ్గర ఉంది. ఒక ఏడాది నుండి అది 33.2కు తగ్గి, అక్కడే నిలిచింది. ఊరు చల్లబడిందా?

తేల్చుకోవడానికి శాస్త్రజ్ఞులు పొరుగు కేంద్రాల లెక్కలు తీస్తారు. వాటి సగటు మొదటినుండీ 33.5 దగ్గరే ఉంది. అంటే మన కేంద్రం మొదట పొరుగువాటికంటే 0.5 డిగ్రీలు ఎక్కువ చూపేది, తరువాత 0.3 తక్కువ చూపుతోంది. ఎండలు మండిన ఏడాది అన్ని కేంద్రాల్లోనూ వేడి పెరుగుతుంది కనుక, వాటి మధ్య తేడా పెద్దగా మారకూడదు. ఇక్కడ ఆ తేడా ఒక్కసారిగా 0.8 మారింది. పాత దస్తావేజులు వెదికితే కారణం దొరికింది. ఆ ఏడాదే పెట్టెను ఇళ్ల మధ్య నుండి ఊరి బయటి మైదానానికి మార్చారు! చల్లబడింది ఊరు కాదు, పెట్టె ఉన్న చోటు. అందుచేత పాత అంకెలన్నిటిలో 0.8 తగ్గించి లెక్క సరిచేస్తారు.

అయితే ఊరు పెరిగి, పెట్టె చుట్టూ మెల్లమెల్లగా మేడలు లేచినప్పుడు తప్పు పట్టుకోవడం కష్టం. మార్పు ఒక్కసారిగా రాదు కదా! అప్పుడు పల్లెల్లోని కేంద్రాలతో పోల్చి చూడాలి. పొరుగున కేంద్రాలు లేని చోట ఈ పద్ధతి అంతగా ఉపయోగపడదు.

ఇలా సరిచూసిన నేల కేంద్రాల లెక్కలకు, ఓడలు, తేలియాడే పరికరాలు కొలిచిన సముద్రపు లెక్కలను కలిపితే, 1850-1900 సగటుకంటే 2011-2020 దశాబ్దంలో భూగోళం సుమారు 1.1 డిగ్రీలు వేడిగా ఉందని తేలింది. మే నెలలో కురిసిన ఆ వాన ఒక్క సాయంత్రాన్ని చల్లబరిచింది. ముప్పై ఏళ్ల సగటులో ఆ ఒక్క రోజు వాటా పదివేలలో ఒక వంతు కూడా కాదు.