పన్ను తగ్గితే ఇంటికి ఏం మిగులుతుంది? వియ్యంకుల దాకా వెళ్లిన ఒక క్లాసు

బడ్జెట్‌లో ఆదాయపు పన్ను తగ్గించారని టీవీలో వినగానే మన ఇళ్లలో వచ్చే మొదటి మాట, "ఈసారి మనకెంత మిగులుతుంది?" అనే. నేను ఉద్యోగానికి సెలవు పెట్టి ఎం.ఏ. అర్థశాస్త్రం చదివిన రోజుల్లో, స్థూల అర్థశాస్త్రం క్లాసులో మా ప్రొఫెసర్ గారు బోర్డు మీద వేసిన నమూనా మాత్రం, ఏమీ మిగలదు అంటుంది. ప్రభుత్వం తన ఖర్చు తగ్గించుకోకుండా, అప్పు చేసి పన్ను తగ్గిస్తే ఇంటి ఖర్చు ఒక్క రూపాయి కూడా పెరగదట. దీనికి రికార్డో తుల్యత అని పేరు. ఇప్పుడు చదువుతున్న రూపాన్ని రాబర్ట్ బారో 1974లో ఇచ్చాడు.

లెక్క చాలా సులువు. ప్రభుత్వం ఈ ఏడాది ఇంటికి 10,000 రూపాయల పన్ను తగ్గించిందనుకుందాం. ఆ లోటు పూడ్చుకోవడానికి 7 శాతం వడ్డీకి ఒక ఏడాది బాండ్లు అమ్మింది. వచ్చే ఏడాది అసలు, వడ్డీ కలిపి 10,700 చెల్లించాలి. ఆ డబ్బు మళ్లీ మన దగ్గరి నుంచే పన్నుగా రావాలి. ముందుచూపున్న ఇల్లాలు ఏం చేస్తుంది? చేతికొచ్చిన 10,000 పెట్టి అదే బాండు కొంటుంది. ఏడాది తిరిగేసరికి అది 10,700 అవుతుంది, పన్నుకు సరిపోతుంది. ఇంటి ఖర్చు మారలేదు. ప్రభుత్వం ఎంత అప్పు చేసిందో ప్రజలు సరిగ్గా అంతే పొదుపు చేశారు. కాబట్టి వడ్డీ రేటు కూడా కదలదు.

లెక్కలో తప్పు లేదు. అందుకే ఆ గంటంతా క్లాసు లెక్క మీద కాకుండా, లెక్క మొదలుకాకముందే మనం ఒప్పేసుకున్న విషయాల మీద నడిచింది. నమూనాను పరీక్షించడం అంటే ఇదేనని అప్పుడే అర్థమైంది. జవాబు నచ్చలేదని కొట్టిపారేయడం కాదు, ఏ ఊహను తీసేస్తే జవాబు కూలుతుందో వెతకాలి.

మొదటి ప్రశ్న అందరికీ తట్టేదే. ప్రభుత్వ బాండ్లలో ముప్పై, నలభై ఏళ్లవి కూడా ఉంటాయి. ఈరోజు పన్ను తగ్గింపు అందుకున్న అరవై ఏళ్ల పెద్దాయన అప్పు తీర్చే నాటికి ఉండడు. మరి ఆయనెందుకు దాచాలి? బారో దీనికి సిద్ధంగా ఉన్నాడు. ఆయన ఉండడు, కానీ కొడుకు ఉంటాడు. కొడుకు మీద పన్ను పడుతుందని తెలిసిన తండ్రి, అతనికి వదిలివెళ్లే ఆస్తిని ఆ మేరకు పెంచుతాడు. మనిషి ఆయుష్షు చిన్నదైనా, వంశం పెద్ద లెక్కలో ఒకటే ఇల్లు.

ఇక్కడ నా పక్కన కూర్చునే అమ్మాయి లేచి, "సార్, మా నాన్నగారికి నేనే నెలనెలా డబ్బు పంపుతాను. ఆయన నాకు వదిలివెళ్లేది ఏమీ లేదు" అంది. దీంతో నమూనా పడిపోయిందని అందరం అనుకున్నాం. పడలేదు. తండ్రికి పన్ను తగ్గి 10,000 మిగిలితే, కూతురు పంపే డబ్బులో అంత తగ్గించుకుని, రేపటి పన్ను కోసం దాచుకుంటుంది. డబ్బు పై తరం నుంచి కిందికి వెళ్లినా, కింది నుంచి పైకి వెళ్లినా ఫలితం ఒకటే. తెగేది ఒక్క చోట, ఎటూ డబ్బు కదలని ఇంట్లో. పిల్లలకు ఇచ్చేంత తండ్రికి లేదు, తండ్రికి పంపేంత పిల్లలకు లేదు, లేదా మనసు లేదు.

అలాంటి తండ్రికి పిల్లల రేపటి సంపాదనలోంచి కొంత ఇప్పుడే వాడుకోవాలని ఉందనుకోండి. తన అప్పు పిల్లలకు వీలునామాలో రాయలేడు. రికవరీ చూసినవారికి ఇది తెలిసిందే. చనిపోయినవారి బాకీ వారసుల నుంచి, వారికి సంక్రమించిన ఆస్తి మేరకే వసూలు చేయగలం. కానీ తండ్రి చేయలేని ఆ పని ప్రభుత్వం చేసిపెడుతుంది. ఇవాళ తండ్రికి పన్ను తగ్గించి, రేపు కొడుకు దగ్గర వసూలు చేస్తుంది. ఆ తండ్రి వచ్చిన 10,000 ఖర్చు పెట్టేస్తాడు. కాబట్టి అడగాల్సింది "తల్లిదండ్రులకు పిల్లలంటే ప్రేమ ఉందా?" అని కాదు, "తరాల మధ్య డబ్బు నిజంగా కదులుతోందా, పెంచడానికీ తగ్గించడానికీ వీలుగా ఉందా?" అని.

రెండో ప్రశ్న నాకు అన్నిటికంటే నచ్చింది. కుటుంబమంతా ఒకటే లెక్క అయితే, ఆ కుటుంబం ఎక్కడ ఆగుతుంది? ఒకరి కొడుకు, ఇంకొకరి కూతురు పెళ్లి చేసుకున్నారు. ఇటు వియ్యంకుడూ అటు వియ్యంకుడూ కొత్త జంటకు సాయం చేస్తున్నారు. ఇప్పుడు ప్రభుత్వం మగపెళ్లివారి దగ్గర 10,000 పన్ను తీసుకుని ఆడపెళ్లివారికి ఇచ్చిందనుకోండి. వీరు జంటకిచ్చే సాయం 10,000 తగ్గిస్తారు, వారు అంత పెంచుతారు. మూడిళ్లలో ఎవరి ఖర్చూ మారదు. సరే, ఆడపెళ్లివారి రెండో కూతురు ఇంకో ఇంటికి కోడలైంది. ఆ ఇంటివారికి ఇంకో అల్లుడున్నాడు. గొలుసు ఇలా సాగితే, ముఖమైనా తెలియని మనుషులంతా ఏదో ఒక పెళ్లి ద్వారా ఒకే లెక్కలోకి వస్తారు. అప్పుడు ఎవరి దగ్గర పన్ను తీసుకుని ఎవరికి పింఛను ఇచ్చినా దేశంలో ఏమీ మారకూడదు. జీతం మీద పన్ను వేసినా పని చేసేవాడి ఉత్సాహం తగ్గకూడదు, పోయిన డబ్బు గొలుసు చుట్టూ తిరిగి ఇంటికే వస్తుంది కనుక.

డగ్లస్ బెర్న్‌హైమ్, కైల్ బాగ్‌వెల్ అనే ఇద్దరు 1988లో ఇదే వాదాన్ని గణితంతో నిరూపించారు. ప్రపంచం అలా ఉందని చెప్పడానికి కాదు. ఇంత అసంబద్ధమైన ఫలితానికి దారితీసిన ఊహను అప్పు విషయంలో మాత్రం ఎలా నమ్ముతారని అడగడానికి. ఒక ఊహను దాని చివరిదాకా నడిపించి చూడటం, దాన్ని పరీక్షించడానికి ఉన్న పదునైన పద్ధతుల్లో ఒకటి. ఈ బంధుత్వానికి ఇంగ్లీషులో వాడుకలో ఒక్క మాట కూడా లేదు, మనకు వియ్యంకుడు, వియ్యపురాలు ఉన్నారు. ఇంకో ముచ్చట, మేనరికాలు చేసుకునే ఇళ్లలో ఈ గొలుసు దూరం పోకుండా ఆ ఇళ్ల చుట్టూనే తిరుగుతుంది.

మూడో ప్రశ్న బ్యాంకు వాళ్లకు చేతికందేది. నమూనాలో ప్రభుత్వానికీ, ఇంటికీ వడ్డీ రేటు ఒకటే, 7 శాతం. అలా ఉంటుందా? ఒక ఇంటికి ఈ ఏడాది 10,000 తక్కువైంది. పర్సనల్ లోన్ 14 శాతానికి తీసుకుంటే వచ్చే ఏడాది 11,400 కట్టాలి. ఇంతలో పన్ను తగ్గింపు వచ్చింది. లోన్ అక్కర్లేదు, వచ్చే ఏడాది పన్నుగా 10,700 కడితే చాలు. ఆ ఇంటికి 700 నిజమైన లాభం. అసలు అప్పే పుట్టని ఇంటికి ఇంకా ఎక్కువ తేడా. వాళ్లు వచ్చిన డబ్బును బాండులో పెట్టరు, పిల్లల ఫీజు కడతారు.

ప్రొఫెసర్ గారు ఇక్కడ ఎదురు ప్రశ్న వేశారు. "ఆ 14 శాతంలో 7 ఎందుకు ఎక్కువైంది?" అని. నా ఉద్యోగం అదే కాబట్టి జవాబు నేను చెప్పాను. కొందరు ఎగ్గొడతారు, వసూలుకు ఖర్చవుతుంది, పత్రాలకూ పరిశీలనకూ మనుషులు కావాలి. "అయితే ప్రభుత్వానికి ఆ ఖర్చు లేదా?" అన్నారాయన. నిజమే, పన్ను వసూలుకూ ఖర్చుంది. ప్రభుత్వం బ్యాంకు కంటే తక్కువ ఖర్చుతో వసూలు చేయగలిగితేనే ఆ 700 దేశానికి లాభం. లేకపోతే ఒక ఇంటికి మిగిలింది ఇంకో ఇంటి పన్నులో కలుస్తుంది. ఈ విషయం బారో తన 1974 వ్యాసంలోనే చర్చించాడు. నమూనా రాసినవాళ్లు దాని బలహీనత తెలియనివాళ్లని అనుకోవడం విద్యార్థులకు ఒక అలవాటు.

డేవిడ్ రికార్డో అయితే ఇంకా ముందే చెప్పాడు. 1820లో రాసిన వ్యాసంలో, 2 కోట్ల పౌండ్ల యుద్ధ ఖర్చును ఒకేసారి పన్నుగా తీసుకున్నా, 5 శాతం వడ్డీకి అప్పు చేసి ఏటా 10 లక్షల పౌండ్ల పన్ను శాశ్వతంగా వేసినా లెక్కకు ఒకటే అన్నాడు. వెంటనే, 20,000 పౌండ్ల ఆస్తి ఉన్న మనిషికి, ఏటా 50 పౌండ్లు కట్టడం ఒకేసారి 1,000 కట్టినంత భారమేనని నచ్చజెప్పడం కష్టమని కూడా అన్నాడు. ఆయన పేరు పెట్టుకున్న సిద్ధాంతాన్ని ఆయనే పూర్తిగా నమ్మలేదు.

మరి నిజంగా ఏం జరుగుతుందో ఎలా తెలుస్తుంది? 2001లో అమెరికా ప్రభుత్వం ఇళ్లకు 300 నుంచి 600 డాలర్ల పన్ను వాపసు చెక్కులు పంపింది. అన్నీ ఒకేసారి పంపలేక, పన్ను చెల్లింపుదారు సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నుంచి రెండో అంకెను బట్టి వారాలు కేటాయించారు. ఆ అంకెకూ మనిషి స్వభావానికీ సంబంధం లేదు. కాబట్టి ముందు అందుకున్నవారిని, తరువాత అందుకున్నవారితో పోల్చవచ్చు. జాన్సన్, పార్కర్, సౌలెలెస్ అనే ముగ్గురు అలా పోల్చి 2006లో ప్రచురించారు. చెక్కు వచ్చిన మూడు నెలల కాలంలోనే ఇళ్లు అందులో 20 నుంచి 40 శాతం దాకా తిండి, బట్టలు వంటి సరుకుల మీద ఖర్చు పెట్టాయి. చేతిలో నిల్వ డబ్బు తక్కువున్న ఇళ్లు ఇంకా ఎక్కువ పెట్టాయి. నమూనా ప్రకారం, ముందే తెలిసిన డబ్బు ఏ వారంలో చేతికొచ్చినా తేడా ఉండకూడదు.

అయితే ఈ పోలిక పరీక్షించింది మూడో ప్రశ్నను, అంటే చేతిలో డబ్బు కటకటను. రేపటి పన్ను కోసం పిల్లలకు దాస్తున్నారా అన్న మొదటి ప్రశ్న దీనితో తేలదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ప్రభుత్వం తరువాత తన ఖర్చే తగ్గించుకుంటుందని జనం నమ్మితే, రేపు పన్ను పెరగదు. అప్పుడు వాళ్లు ఇవాళ ఖర్చు పెట్టినా బారో నమూనాకు విరుద్ధం కాదు.

పరీక్షకు ముందు మాకిచ్చిన లెక్క ఒకటి చెబుతాను. వంద ఇళ్లకు తలా 10,000 పన్ను తగ్గింది. వాటిలో 70 ఇళ్లు బారో చెప్పినట్టు నడుస్తాయి, 30 ఇళ్లు కటకటలో ఉండి మొత్తం ఖర్చు పెడతాయి. ప్రభుత్వం 10 లక్షల బాండ్లు అమ్మింది. ఇళ్ల పొదుపు 7 లక్షలే పెరిగింది. మిగతా 3 లక్షలు ఎక్కడి నుంచైనా రావాలి. ఉన్న ఆదాయమే పెరిగి కొంత పొదుపు రావచ్చు, విదేశాల నుంచి రావచ్చు, లేదా ఆ సొమ్ము అప్పుగా తీసుకుని షాపు పెట్టాలనుకున్నవాడు ఆగిపోవాలి, ఎందుకంటే వడ్డీ రేటు కొంచెం పెరుగుతుంది. వచ్చే ఏడాది ఆ 30 ఇళ్లు తలా 10,700 కట్టాలి. బాండు కొని పెట్టుకోలేదు కనుక ఆ ఏడాది జీతంలోంచే కడతాయి, ఆ మేరకు ఖర్చు తగ్గించుకుంటాయి. ఈ రెండో ఏడాది లెక్క వేయని వారికి ఆ ప్రశ్నకు సగం మార్కులే వచ్చాయి.