రెండు అడుగుల దూరంలో కొట్టివేత

ప్రశ్న: 1/(1·3) + 1/(2·4) + 1/(3·5) + … అనంత శ్రేణి మొత్తం నాకు 1/2 వస్తోంది. పుస్తకంలో 3/4 అని ఉంది. ఏది సరైనది?
– ఇంటర్ విద్యార్థి, కొవ్వూరు

జవాబు: పుస్తకమే సరైనది. మొదటి మూడు పదాలు కూడి చూడండి: 1/3 + 1/8 + 1/15 = 0.525. పదాలన్నీ ధనాత్మకాలే కాబట్టి మొత్తం 1/2 అయ్యే వీల్లేదు.

పాక్షిక భిన్నాలుగా విడగొడితే

1/(n(n+2)) = ½[1/n − 1/(n+2)]

మీరు ఇక్కడిదాకా సరిగానే వచ్చి ఉంటారు. హారాల మధ్య తేడా 2 కాబట్టి −1/3 పక్క పదంలో కొట్టుకుపోదు, n = 3 పదంలోని +1/3తో పోతుంది. అందువల్ల మొదట్లో 1, 1/2 రెండూ మిగులుతాయి. మీరు 1/2ను వదిలేశారు. చివర కూడా రెండు మిగులుతాయి:

S_N = ½[1 + 1/2 − 1/(N+1) − 1/(N+2)]

N పెరిగేకొద్దీ చివరి రెండూ సున్నాకు చేరతాయి, మొత్తం 3/4 అవుతుంది. N = 3 పెట్టండి, 0.525 వస్తుంది. పరీక్షలో అనంతానికి వెళ్లేముందు S_N తప్పక రాయండి.