‘కూడా’ ఎవరి పక్కన? ‘ఏ’ ఎవరి చివర?

మన క్లబ్బుకి వచ్చే రచనల ప్రూఫులు చూసేటప్పుడు నేను అచ్చుతప్పులకంటే ముందు రెండు చిన్న మాటల మీద ఆగుతాను. ఒకటి ‘కూడా’, రెండోది మాట చివర అంటుకునే ‘ఏ’. ఇవి తప్పు చోట ఉంటే వాక్యం చదవడానికి బాగానే ఉంటుంది, వ్యాకరణం ప్రకారం తప్పు కూడా కనిపించదు. అర్థం మాత్రం మారిపోతుంది. అందుకే స్పెల్లింగ్ తప్పు దొరికినంత తేలిగ్గా ఇది దొరకదు.

సూత్రం చిన్నదే. ఈ రెండూ తమకి ఎడమపక్కన ఉన్న మాటనే పట్టుకుంటాయి. ‘రవి నిన్న ల్యాబ్‌లో ప్రింటర్ వాడాడు’ అనే వాక్యం తీసుకుని ‘కూడా’ని ఒక్కో అడుగు జరిపి చూడండి.

రవి కూడా నిన్న ల్యాబ్‌లో ప్రింటర్ వాడాడు: ఇంకెవరో వాడారు, రవీ వాడాడు.
రవి నిన్న కూడా ల్యాబ్‌లో ప్రింటర్ వాడాడు: మరో రోజూ వాడాడు, నిన్నా వాడాడు.
రవి నిన్న ల్యాబ్‌లో కూడా ప్రింటర్ వాడాడు: ఇంకెక్కడో వాడాడు, ల్యాబ్‌లోనూ వాడాడు.
రవి నిన్న ల్యాబ్‌లో ప్రింటర్ కూడా వాడాడు: ఇంకేదో వాడాడు, దాంతోపాటు ప్రింటరూ వాడాడు.

మాటలు అవే, వరుసా అదే. జరిగింది ‘కూడా’ ఒక్కటే. ‘ఏ’ కూడా ఇలాగే జరుగుతుంది: రవే, నిన్ననే, ల్యాబ్‌లోనే, ప్రింటరే. ‘కూడా’ విడిగా నిలబడుతుంది, ‘ఏ’ మాటలో కలిసిపోతుంది. ‘నిన్న’, ‘లో’ లాంటి వాటి తర్వాత మధ్యలో ‘న’ వస్తుంది. విభక్తి ఉంటే రెండూ దాని తర్వాతే వస్తాయి: రవికి కూడా, రవికే.

మరి ఇంత సూటిగా ఉన్న సూత్రం దగ్గర తప్పు ఎందుకు జరుగుతుంది? మాట్లాడేటప్పుడు తప్పినా పెద్దగా ఇబ్బంది రాదు. మెస్‌లో ‘నాకు పెరుగు కూడా వెయ్యండి’ అనడానికి బదులు ‘నాకు కూడా పెరుగు వెయ్యండి’ అన్నా గిన్నె చూసి, మన ముఖం చూసి, అన్న సర్దుకుంటాడు. రాసేటప్పుడు ఆ సాయం ఉండదు. పైగా మనలో చాలామంది ముందు ఇంగ్లిష్‌లో అనుకుని తర్వాత తెలుగులో రాస్తాం. ఇంగ్లిష్‌లో ‘ఆల్సో’, ‘ఓన్లీ’ సాధారణంగా కర్త తర్వాత, క్రియకి ముందు కూర్చుంటాయి. అక్కడ కూర్చునే వాక్యంలో దేన్నైనా చూపించగలవు. ఆ చోటునే తెలుగులోకి తెస్తే ‘మా సారు కూడా లెక్కలు చెబుతారు’ అని వస్తుంది. రాసినవాడి ఉద్దేశం సారు ఫిజిక్స్‌తో పాటు లెక్కలూ చెబుతారని. చదివేవాడికి అందేది వేరే సార్ల లాగే ఈయనా లెక్కలు చెబుతారని. కావాల్సింది ‘మా సారు లెక్కలు కూడా చెబుతారు’.

నేను ప్రూఫులో వాడే పద్ధతి రెండు ప్రశ్నలు. ‘కూడా’ కనిపిస్తే, దాని ఎడమ మాటకి జత ఎవరు అని అడుగుతాను. ‘ఏ’ కనిపిస్తే, దాని వల్ల బయటికి పోయింది ఎవరు అని అడుగుతాను. జవాబుని ఒక చిన్న వాక్యంగా పక్కన రాసి, రచయిత చెప్పదలుచుకున్నది అదేనా అని చూస్తాను.

ఒక నోటీసు మీద ఇది చేసి చూద్దాం. ఊహించిన నోటీసే, కానీ ఇలాంటివి మనం చూస్తూనే ఉంటాం. చెప్పాల్సిన విషయం ఇది: స్కాలర్‌షిప్ వస్తున్నవాళ్ళకి ట్యూషన్ ఫీజు లేదు, అయితే పరీక్ష ఫీజు మాత్రం అందరితో పాటు వాళ్ళూ కట్టాలి, గడువు సోమవారం, ఆన్‌లైన్ కుదరదు, కౌంటర్‌లో కట్టాలి. చిత్తుప్రతి ఇలా ఉంది:

స్కాలర్‌షిప్ విద్యార్థులు పరీక్ష ఫీజు కూడా సోమవారమే కౌంటర్‌లో చెల్లించాలి.

మొదటి ప్రశ్న. ‘కూడా’కి ఎడమన ‘పరీక్ష ఫీజు’ ఉంది. దానికి జత మరో ఫీజు కావాలి. అంటే వేరే ఏదో ఫీజుతో పాటు ఇదీ కట్టాలని నోటీసు చెబుతోంది. స్కాలర్‌షిప్ మీద చదువుతున్న పిల్లవాడు ఇది చూసి, ట్యూషన్ ఫీజూ కట్టాలేమోనని ఇంటికి ఫోన్ చేస్తాడు. అవతల నాన్న అప్పు కోసం తిరగడం మొదలుపెడతాడు. ఇక్కడ జత కావాల్సింది ఫీజుకి కాదు, విద్యార్థులకి. కాబట్టి ‘స్కాలర్‌షిప్ విద్యార్థులు కూడా’.

రెండో ప్రశ్న. ‘సోమవారమే’లో బయటికి పోయింది మిగతా రోజులు. శుక్రవారం డబ్బు పట్టుకుని వెళ్ళినవాడు ఇది చదివి వెనక్కి తిరుగుతాడు. నిజానికి బయటికి పోవాల్సింది ఆన్‌లైన్. కాబట్టి ‘ఏ’ కౌంటర్‌కి వెళ్ళాలి, రోజుకి ‘లోగా’ చాలు.

స్కాలర్‌షిప్ విద్యార్థులు కూడా పరీక్ష ఫీజు సోమవారంలోగా కౌంటర్‌లోనే చెల్లించాలి.

రెండు ప్రశ్నలూ మళ్ళీ వేయండి. జత: మిగతా విద్యార్థులు. బయటికి పోయింది: ఆన్‌లైన్. సరిపోయింది. ట్యూషన్ ఫీజు లేదన్న మాట మాత్రం ఇందులో లేదు. ‘పరీక్ష ఫీజే’ అని దాన్నీ ఇందులోనే ఇరికిస్తే ఒకే వాక్యంలో మూడు చోట్ల నొక్కు పడి, ఏదీ నిలవదు. దానికి విడిగా ఇంకో వాక్యం రాయడం మేలు.

ఈ పద్ధతికి లొంగని చోట్లు రెండున్నాయి. మొదటిది, ఒక మాట ఇంకో మాటకి విశేషణంగా ఉన్నప్పుడు. ‘రవి పుస్తకం కూడా పోయింది’ అంటే జత సీత పుస్తకం కావచ్చు, రవి బ్యాగూ కావచ్చు. ‘రవి కూడా పుస్తకం’ అని మధ్యలో దూర్చలేం. అప్పుడు వాక్యాన్నే విడగొట్టాలి: ‘సీత పుస్తకం పోయింది, రవిది కూడా పోయింది.’ ‘ఏ’కీ ఇదే దారి. ‘రవి పుస్తకమే’ అన్నప్పుడు నొక్కు రవి మీదా పుస్తకం మీదా అన్నది తేలదు. ‘ఆ పుస్తకం రవిదే’ అంటే తేలిపోతుంది.

రెండోది క్రియ. ‘కూడా’ క్రియ తర్వాత హాయిగా వస్తుంది: ‘ప్రింటర్ బాగుచేశాడు, వాడాడు కూడా.’ ‘ఏ’ అలా కాదు. ‘రవి వచ్చాడే!’ అంటే రావడం ఒక్కటే చేశాడని కాదు, అది ఆశ్చర్యమో ఎదురుమాటో అవుతుంది. పని మీదే నొక్కు కావాలంటే క్రియని రెండుగా చేసి మొదటి ముక్కకి ‘ఏ’ తగిలిస్తాం: ‘రవి రానే లేదు’, ‘అనుకున్నట్టే రానే వచ్చాడు’.

ఈసారి మీ కథో వ్యాసమో పంపే ముందు ఫైల్‌లో ‘కూడా’ అని వెతకండి. వచ్చిన ప్రతి చోటా ఎడమ మాటని చూసి, జత పేరు చెప్పండి. చెప్పలేకపోతే అది ఒక మాట అటో ఇటో జరగాలి, లేదంటే అక్కడ దానికి పనే లేదు. ‘ఏ’ని ఇలా వెతకలేం, మాటలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి. దాన్ని పట్టుకోవాలంటే వాక్యాన్ని పైకి చదివి, గొంతు ఏ మాట మీద బరువు వేస్తోందో, కాగితం మీద ‘ఏ’ ఏ మాట మీద ఉందో పోల్చి చూడాలి.