“పండక్కి వస్తావుగా?” అని అడగొద్దు

అలా అడిగితే పనిచేసే ఆవిడ దగ్గర్నుంచి వచ్చే జవాబు ఒక్కటే: “వస్తాలే అక్కా.” ఆ ‘లే’ దగ్గరే ఉంది తిరకాసు. మొహం మీద కాదనలేక అన్న మాట అది. తీరా పండగ పొద్దున చూస్తే అంట్లు తొట్టి నిండా, ఆవిడ ఫోను స్విచాఫ్. తప్పు ఆవిడది కాదు, అడిగిన తీరుది.

మా రెంటచింతలలో ఇంకో మెలిక ఉంది. ఊళ్లో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. పండగంటే నాకు సంక్రాంతి. మా ఇంట్లో చేసే ఆవిడకు క్రిస్మస్. నేనేమో జనవరిలో సెలవు ఇస్తానని ముందే ఉదారంగా చెప్పేసి, డిసెంబరు 25కు బంధువుల్ని భోజనానికి పిలిచాను. 24 రాత్రి చర్చిలో పూజ ముగించుకుని ఆవిడ ఇల్లు చేరేసరికే అర్ధరాత్రి దాటుతుంది. అలాంటి మనిషిని పొద్దున్నే అంట్లకు రమ్మన్నానన్న మాట!

మరుసటి ఏడు డిసెంబరు మొదటి వారంలోనే కూర్చోబెట్టి అడిగాను. ముందు జీతం సంగతి తేల్చాను: “పండగ రోజులకు జీతం కొయ్యను. ఇప్పుడు చెప్పు, నీకు ఏ రోజులు కావాలి?” డబ్బు భయం పోతే గానీ అసలు తేదీలు బయటికి రావు. 24 మధ్యాహ్నం నుంచి 26 దాకా అంది. పుట్టిల్లు గురజాల. “27 పొద్దున ఎన్నింటికి రాగలవు?” అన్నాను. “ఎనిమిదవుద్ది అక్కా” అంది. వెళ్లే రోజు అందరం అడుగుతాం. తిరిగొచ్చే గంట అడగం. గొడవలన్నీ అక్కడే.

ఆ రెండున్నర రోజులకు వాళ్ల తోటికోడలు వస్తానంది. గిన్నెలు, ఊడవడం మాత్రమే, బట్టలు ఉండవు. పూటకు 100 చొప్పున ఐదు పూటలకు 500, నేనే ఆ అమ్మాయి చేతిలో పెడతానని ఇద్దరి ముందూ చెప్పాను. “నువ్వే ఎవర్నో పెట్టుకో” అని ఆవిడ మీదకు తోసేస్తే, ఇచ్చిన సెలవుకు ఆవిడే డబ్బు కట్టినట్టవుతుంది. పండక్కి పెట్టిన చీర వేరు, అడిగిన 1,000 అడ్వాన్సు వేరు. అడ్వాన్సు జనవరి, ఫిబ్రవరి జీతాల్లో 500 చొప్పున పట్టుకునేట్టు అప్పుడే అనుకున్నాం. గోడ క్యాలెండర్‌లో ఆవిడ చూస్తుండగానే సున్నాలు చుట్టాను.

బదులుగా నేనడిగింది ఒక్కటే: భోగికి ముందు రెండు రోజులు బూజులు దులపడానికి గంటసేపు ఎక్కువ, దానికి విడిగా డబ్బులు. ఒప్పుకుంది.

బూజులు దులిపిన రోజే చీపురు పక్కన పెట్టి తనే కదిపింది: “అక్కా, నెలాఖర్నించి మిరపకోతలకు పోవాల. తెల్లారేలోపే వచ్చి చేసిపోనా?”

మళ్లీ క్యాలెండర్ దింపాం.