అనంతపురం ప్రాంతపు వంటగదులలో బొద్దింకల నివారణ: జెల్, స్ప్రే, సుద్ద

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. కుళాయి నీరు రోజూ రాని ఇళ్ళలో డ్రమ్ములు, బిందెలు నింపి వంటగదిలోనే నిలువ ఉంచుకుంటారు. బొద్దింకల ఉనికిని నిర్ణయించేది ఈ నీరే. వంటగదులలో ఎక్కువగా కనిపించే చిన్న జాతి, అంటే మెడపై రెండు నల్లని చారలు గల జర్మన్ బొద్దింక, ఎండు తిండి ఎంత ఉన్నా నీరు లేనిచో సుమారు రెండు వారాలకు మించి బ్రతకదు. నీరు మాత్రమే దొరికితే నెల వరకు నిలబడగలదు. కావున ఈ ఇళ్ళలో బొద్దింకలను వెదకవలసిన మొదటి చోటు డ్రమ్ము అడుగు, బిందెల గట్టు వెనుక భాగం. తరువాతిది కడప బండ అరలు గోడతో కలిసే సందు. ఆ సందులో మిరియపు పొడి వంటి మలపు చుక్కలు కనిపిస్తే వాటి నివాసం అక్కడే.

స్ప్రేలలో సాధారణంగా ఉండేవి పైరెత్రాయిడ్ మందులు. ఇవి నాడీకణాలలోని సోడియం ద్వారాలను మూసుకోనీయక పురుగును నిమిషాలలో పడవేస్తాయి. కనబడిన పురుగు చచ్చుట వలన గృహిణికి తృప్తి కలుగుతుంది గాని, సందులోని పురుగులకు మందు అందదు. పైగా ఈ మందులకు వికర్షక గుణం ఉన్నందున అవి పక్క గదికి చెదిరిపోతాయి. ఆడ పురుగు 30 నుండి 40 గుడ్లు గల సంచిని పొదిగే వరకు మోస్తూనే ఉంటుంది. ఆ సంచిలోనికి మందు సరిగా చొరబడదు.

'లక్ష్మణరేఖ' అని జనం పిలిచే సుద్దలో కూడా ఉండేది పైరెత్రాయిడే. గీత దాటిన పురుగు కాళ్ళకు పొడి అంటుకుంటుంది. కాళ్ళను నోటితో శుభ్రం చేసుకొనేటప్పుడు లోపలికి కూడా పోతుంది. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే గీత పోతుంది. అంతకంటే పెద్ద చిక్కు, పలక మీద వ్రాసే సుద్దకు దీనికి పిల్లలు తేడా గుర్తించలేకపోవడం. గిన్నెల అరపై రాలిన పొడి గిన్నెలలోనికి చేరుతుంది. వంటగట్టుపై దీనిని గీయడం నా దృష్టిలో ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

జెల్ పని తీరు వేరు. ఇది విషం కలిపిన ఎర. ఫిప్రోనిల్ 0.05 శాతం గాని, ఇమిడాక్లోప్రిడ్ 2.15 శాతం గాని ఉంటుంది. తిన్న పురుగు వెంటనే చావక తన సందుకు తిరిగి వెళుతుంది. దాని మలాన్ని, కళేబరాన్ని తిన్న పిల్ల పురుగులకు కూడా విషం సోకుతుంది. స్ప్రే చేరలేని చోటికి మందును పురుగే మోసుకుపోతుందన్నమాట. అయితే పురుగు తింటేనే ఇదంతా. జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టినా, సుద్ద గీసినా అది ఎర దగ్గరకు రాదు. క్షేత్రస్థాయిలో జెల్ విఫలమైందని వచ్చే ఫిర్యాదులలో మొదట అడగవలసిన ప్రశ్న ఇదే.

ఉదాహరణకు పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు గల వంటగదిని తీసుకుందాం. మొదటి రోజు పాత మందు జాడలను సబ్బునీటితో కడిగి ఆరనివ్వాలి. ఆ రాత్రి దీపాలార్పిన గంట తరువాత టార్చి వేసి ఏ మూల ఎన్ని పురుగులున్నవో వ్రాసుకోవాలి. మరునాడు పెసరగింజంత చుక్కలను బండ అర అడుగున గోడ సందులో, సింకు గొట్టం గోడలోనికి పోయే చోట, డ్రమ్ము వెనుక గోడ మూలలో, తలుపు కీలు పక్కన పెట్టాలి. పెద్ద ముద్ద ఒకటి కంటే చిన్న చుక్కలు అనేకం మేలు. మోతాదుకు డబ్బాపై సూచనయే ప్రమాణం. నీరు చిందే చోట, గిన్నెలు తగిలే చోట, పిల్లల చేతికందే చోట పెట్టరాదు. స్టవ్ పక్కన, ఫ్రిజ్ మోటారుపై పెట్టిన జెల్, వేసవిలో మరీ త్వరగా, ఎండి గట్టిపడుతుంది. రాత్రి డ్రమ్ములకు మూత వేసి, సింకును పొడిగా తుడిస్తే తేమ గల ఎర వైపు పురుగు మరింత త్వరగా మళ్ళుతుంది.

మూడవ రోజు చూడాలి. చుక్క తరిగితే అక్కడే మరల పెట్టాలి. తాజాగా ఉండి కూడా ముట్టనిచో చోటు మార్చాలి. పురుగులు తిరుగుతూనే ఏ చోటనూ ముట్టనిచో వేరే రకపు ఎరకు మారాలి. గ్లూకోజును చేదుగా గ్రహించి తీపి ఎరలను వదిలివేసే జర్మన్ బొద్దింకలు ఉన్నట్లు అమెరికాలో సిల్వర్‌మన్ బృందం నిరూపించింది. మూడు వారాల తరువాత చిన్న పిల్లలు కనబడితే అది వైఫల్యం కాదు. గుడ్ల సంచులు అప్పుడు పగిలాయని అర్థం. రెండవ విడత జెల్ పెట్టవలసిన సమయం అదే.

ఎర్రని పెద్ద బొద్దింకలు మురుగు కాలువ నుండి వస్తాయి. వాటికి తూముపై సన్నని జాలీ బిగించడమే ముందు చేయవలసిన పని.

స్ప్రే తప్పనిసరి అయితే స్టవ్ ఆర్పి, సిలిండరు కట్టి, తినుబండారాలను, నీటి పాత్రలను బయటికి తీసిన తరువాతనే వాడాలి. చాలా డబ్బాలలో మందును బయటికి నెట్టేది మండే వాయువే.

హిందూపురం, మడకశిర వైపు ఇంటిలోనే పట్టుపురుగులను పెంచే కుటుంబాలకు మరొక జాగ్రత్త చెప్పాలి. పైరెత్రాయిడ్లు పట్టుపురుగుకు అతి స్వల్ప మోతాదులో కూడా ప్రాణాంతకం. వంటగదిలో కొట్టిన స్ప్రే పక్క గదిలోని తట్టలకు చేరవచ్చు. సుద్ద పట్టిన చేతితో మల్బరీ ఆకు వేస్తే ఆ పంటే పోవచ్చు. ఇటువంటి ఇళ్ళలో స్ప్రేను, సుద్దను పూర్తిగా మానాలి. జెల్ పెట్టిన చేతులను కూడా సబ్బుతో కడిగిన తరువాతనే ఆకు తాకాలి.